ఎకానమీనా, స్ట్రైక్ రేటా? చివరి నాలుగు ఓవర్లకి బాల్ ఎవరి చేతికివ్వాలి

ప్రశ్న: అన్నా, మా టీమ్‌లో ఇద్దరు పేసర్లున్నారు, ఈ సీజన్ ఇద్దరూ 40 ఓవర్ల చొప్పున వేశారు. ఒకడి ఎకానమీ 7.5, స్ట్రైక్ రేట్ 24. ఇంకోడి ఎకానమీ 8.35, స్ట్రైక్ రేట్ 15. టీ20లో 17 నుంచి 20 ఓవర్లు ఎవడికివ్వాలి? సగం మంది ఎకానమీ చూడు అంటున్నారు, సగం మంది వికెట్లు తీసేవాడికే ఇవ్వు అంటున్నారు.

జవాబు:

తమ్ముడూ, ఓవర్‌కి ఎన్ని పరుగులిచ్చాడనే ఎకానమీ, ఎన్ని బంతులకి ఒక వికెట్ తీశాడనే స్ట్రైక్ రేట్, ఆ రెండు నంబర్లు మాత్రమే చూసి అయితే ఎవడికీ ఇవ్వకు. అవి తప్పు నంబర్లని కాదు, 40 ఓవర్లూ కలిపేసిన నంబర్లు కాబట్టి. నీకు కావాల్సింది చివరి నాలుగు ఓవర్ల సంగతి, నీ దగ్గరున్నది మొత్తం సీజన్ సగటు. ముందు స్కోర్ బుక్ తీసి ఒక్కొక్కడు పవర్‌ప్లేలో ఎన్ని వేశాడు, 7 నుంచి 16 మధ్యలో ఎన్ని వేశాడు, 17 తర్వాత ఎన్ని వేశాడు అని మూడు ముక్కలు చెయ్యి. ఈ పని చెయ్యకుండా ఎకానమీ గొప్పా స్ట్రైక్ రేట్ గొప్పా అని ఎంత వాదించుకున్నా తేలదు.

ఎందుకో నీ నంబర్లకి సరిగ్గా సరిపోయేలా ఒక ఊహ లెక్క వేసి చూపిస్తా. మొదటోడు పవర్‌ప్లేలో 8 ఓవర్లు వేసి 60 పరుగులు ఇచ్చాడనుకో, మధ్యలో 26 ఓవర్లకి 169, చివర్లో 6 ఓవర్లకి 72. మొత్తం 40 ఓవర్లు 301 పరుగులు, అంటే 7.5. రెండోడు పవర్‌ప్లేలో 12 ఓవర్లకి 84, మధ్యలో 8 ఓవర్లకి 50, చివర్లో 20 ఓవర్లకి 200. మొత్తం 334, అంటే 8.35. నువ్వు చెప్పిన నంబర్లే వచ్చాయి కదా. ఇప్పుడు ముక్కలుగా చూడు. పవర్‌ప్లేలో మొదటోడు ఓవర్‌కి 7.5 ఇస్తే రెండోడు 7 ఇచ్చాడు. మధ్యలో మొదటోడు 6.5, రెండోడు 6.25. చివర్లో మొదటోడు 12, రెండోడు 10. మూడు చోట్లా రెండోడే తక్కువ ఇచ్చాడు, కానీ మొత్తం కలిపితే మొదటోడి ఎకానమీనే బాగుంది! మాయేం లేదు, రెండోడు సగం ఓవర్లు అందరూ బ్యాట్ ఊపే టైమ్‌లో వేశాడు, మొదటోడు ఎక్కువ ఓవర్లు బ్యాటర్లు సింగిల్స్ తీసుకుంటూ కూర్చునే టైమ్‌లో వేశాడు, అంతే. నీ టీమ్‌లో అచ్చం ఇలాగే ఉందని నేననట్లేదు, ఇలా ఉండే ఛాన్స్ చాలా ఎక్కువ అంటున్నా, ఎందుకంటే కెప్టెన్లు సహజంగానే కష్టమైన ఓవర్లు ధైర్యం ఉన్నోడికి ఇస్తారు, ఆ ఓవర్లేమో వాడి ఎకానమీని పాడు చేస్తాయి, సీజన్ చివర్లో అదే ఎకానమీ చూపించి వాడిని పక్కన పెట్టేస్తారు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

స్ట్రైక్ రేట్‌కి కూడా ఇదే జబ్బుంది, కాకపోతే తిరగేసి. చివరి ఓవర్లలో బ్యాటర్ ప్రతి బాల్‌నీ లేపుతాడు కాబట్టి వికెట్లు వాటంతటవే పడతాయి. రెండోడి 16 వికెట్లలో 10 డెత్‌లో, అంటే ఆ చివరి ఓవర్లలో వచ్చాయనుకో, అందులో లాంగాన్‌లో క్యాచ్ ఇచ్చిన తొమ్మిదో నంబర్ వాళ్ళెందరు, ఆఖరి బాల్‌కి ఔటైన వాళ్ళెందరు అని చూడు. ఆఖరి బాల్‌కి పడిన వికెట్ వల్ల ప్రత్యర్థికి పోయేదేం లేదు, ఆ బాల్‌కి రావాల్సిన పరుగులు ఆగాయి అంతే. కానీ రికార్డులో అది కూడా ఓపెనర్‌ని బౌల్డ్ చేసినట్టే ఒక వికెట్.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. వికెట్‌ని పరుగుల్లోకి మార్చుకుంటే గానీ ఈ రెండు నంబర్లనీ పక్కపక్కన పెట్టి చూడలేం. టెస్టుల్లో ఇరవై వికెట్లు తీయకపోతే మామూలుగా గెలుపే లేదు కాబట్టి అక్కడ స్ట్రైక్ రేట్‌కి చాలా విలువుంది. టీ20లో 120 బంతులకి పది వికెట్లున్నాయి, చాలా మ్యాచుల్లో అందులో మూడు నాలుగు వాడకుండానే మిగిలిపోతాయి, కాబట్టి వికెట్ విలువ అది ఎన్ని పరుగులు ఆపింది అన్నదే.

చివరి ఓవర్లలో ఒక వికెట్ ఎన్ని పరుగులు ఆపుతుంది? సెట్ అయిన బ్యాటర్ బాల్‌కి దాదాపు 2 కొడుతున్నాడనుకో, కొత్తగా వచ్చినోడు మొదటి ఐదారు బంతులు బాల్‌కి 1.2 దగ్గర ఉంటాడనుకో, ఆ తర్వాత వాడూ మొదలెడతాడు. 17వ ఓవర్ మొదట్లో వికెట్ పడితే కొత్తోడికి ఆ ఐదారు నెమ్మది బంతులు ఖచ్చితంగా ఉంటాయి, బాల్‌కి 0.8 చొప్పున నాలుగైదు పరుగులు ఆగాయి, పైగా అవతలి ఎండ్‌లో ఉన్నోడు కూడా ఒక ఓవర్ కాస్త చూసుకుని ఆడతాడు. మొత్తం మీద ఒక 5 పరుగులు అనుకుందాం. అదే 20వ ఓవర్ మధ్యలో పడితే మిగిలింది మూడు బంతులు, అందులో కొత్తోడికి వచ్చేది ఒకటో రెండో, కాబట్టి ఆగేది ఒకటిన్నర పరుగు. ఈ 5, 1.5 అనేవి నా అంచనాలు, నీ లీగ్‌లో తొమ్మిదో నంబర్ వరకూ కొట్టేవాళ్ళుంటే ఇంకా తగ్గుతాయి, ఆరో నంబర్ తర్వాత అందరూ బౌలర్లే అయితే పెరుగుతాయి. కానీ ఓవర్లు దాటే కొద్దీ వికెట్ విలువ పడిపోతుంది అన్న దాంట్లో మాత్రం తేడా రాదు.

దీన్ని నీ ఇద్దరికీ వేసి చూద్దాం. రెండోడు డెత్‌లో 20 ఓవర్లకి 10 వికెట్లు, అంటే ఓవర్‌కి అర వికెట్, ఎకానమీ 10. మొదటోడు 6 ఓవర్లకి 2 వికెట్లు తీశాడనుకో, అంటే ఓవర్‌కి 0.33, ఎకానమీ 12. ఇలా చూస్తే పోటీయే లేదు, రెండోడే. అయితే మొదటోడికి కొంచెం న్యాయం చేద్దాం, ఎందుకంటే 6 ఓవర్లంటే 36 బంతులు, అది చాలా చిన్న లెక్క. ఆ ఆరింటిలో ఒక్క ఓవర్ 24 పరుగులు పోయిందనుకో, అది తీసేస్తే మిగతా ఐదు ఓవర్లకి 48, ఓవర్‌కి 9.6 మాత్రమే. ఒక్క ఓవర్ వల్ల 9.6 కాస్తా 12 అయిపోయింది. కొట్టించుకున్న ఓవర్ తీసేసి లెక్కెయ్యడం కరెక్ట్ కాదు, వాడి అసలు స్థాయి రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది, కానీ వాడికి అన్నిటికంటే అనుకూలంగా 9.6 అనే తీసుకుని చూద్దాం.

17వ ఓవర్‌లో వికెట్ విలువ 5 కదా. మొదటోడు: 9.6 లోంచి 0.33 వికెట్లకి 1.7 తీసేస్తే 7.9. రెండోడు: 10 లోంచి అర వికెట్‌కి 2.5 తీసేస్తే 7.5. రెండోడు ఓవర్‌కి 0.4 ఎక్కువ ఇస్తున్నా కూడా వాడే మేలు. 20వ ఓవర్‌లో విలువ 1.5. మొదటోడు 9.6 లోంచి 0.5 పోతే 9.1, రెండోడు 10 లోంచి 0.75 పోతే 9.25. ఇక్కడ మొదటోడు ఒక వెంట్రుక వాసి ముందున్నాడు. చూశావా, వాళ్ళిద్దరూ మారలేదు, వాళ్ళ నంబర్లూ మారలేదు, ఓవర్ మారేసరికి జవాబు మారింది. 17, 18 ఓవర్లకి వికెట్ తీసే గుణానికి ఇంకా మంచి రేటుంది, 20వ ఓవర్‌కి దాదాపు ఎకానమీ ఒక్కటే మిగులుతుంది. మీ వాళ్ళు సగం మంది ఇదీ, సగం మంది అదీ అంటున్నారు కదా, ఇద్దరూ వేర్వేరు ఓవర్ల గురించి మాట్లాడుతున్నారని నా అభిప్రాయం.

పెద్ద మ్యాచ్‌లో ఇది ఎలా ఉంటుందో చూడాలంటే 2024 టీ20 వరల్డ్ కప్ ఫైనల్ కంటే మంచి పాఠం లేదు, జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో జరిగింది. ఇండియా 176 కొట్టింది. 15వ ఓవర్‌లో అక్షర్ పటేల్‌ని క్లాసెన్ ఉతికేశాడు, ఆ ఓవర్‌కే 24 వచ్చాయి, సౌతాఫ్రికా 147కి 4. అంటే 30 బంతుల్లో 30 కావాలి, చేతిలో 6 వికెట్లు, క్లాసెన్, మిల్లర్ క్రీజ్‌లో. ఇక్కడ ఓవర్‌కి 6 ఇచ్చే బౌలర్ దొరికినా మ్యాచ్ పోతుంది, ఎందుకంటే వాళ్ళకి కావాల్సిందే 6. కాబట్టి పరుగులూ ఆగాలి, వికెట్లూ పడాలి. బుమ్రాకి రెండు ఓవర్లు మిగిలున్నాయి. చాలామంది కెప్టెన్లు అలవాటు ప్రకారం వాటిని 18కీ 20కీ, లేదా 17కీ 19కీ దాస్తారు. రోహిత్ 16వ ఓవరే బుమ్రాకి ఇచ్చాడు, 4 పరుగులు. 17వది హార్దిక్‌కి, మొదటి బాలే ఆఫ్ స్టంప్‌కి దూరంగా స్లో బాల్, క్లాసెన్ దాన్ని అందుకోబోయి కీపర్ పంత్‌కి దొరికిపోయాడు, 27 బంతుల్లో 52 దగ్గర. ఆ ఓవర్‌కీ 4 పరుగులే. 18వది మళ్ళీ బుమ్రా, 2 పరుగులు, యాన్సెన్ బౌల్డ్. 19వది అర్ష్‌దీప్, 4 పరుగులు. ఇప్పుడు 20వ ఓవర్‌కి 16 కావాలి, బుమ్రా కోటా అయిపోయింది, బాల్ హార్దిక్ చేతిలో. మొదటి బాల్‌కే మిల్లర్ లేపితే సూర్యకుమార్ బౌండరీ గీత మీద పట్టిన క్యాచ్ గురించి చెప్పక్కర్లేదు. ఆ ఓవర్‌కి 8 వచ్చాయి, 7 పరుగులతో గెలిచాం.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, మంచి బౌలర్‌ని ఆఖరి ఓవర్‌కి దాచి పెట్టలేదు. 30కి 30 ఉన్నప్పుడు 16వ ఓవర్ ఇంకెవరికైనా ఇచ్చి అది 12 పోయి ఉంటే 24 బంతుల్లో 18 మాత్రమే కావాలి, ఆ తర్వాత బుమ్రా ఎంత బాగా వేసినా వాళ్ళు అతన్ని చూసి ఆడుకుని మిగతా వాళ్ళ మీద కొట్టుకుంటారు. బుమ్రా 12 బంతుల్లో 6 పరుగులు ఇవ్వడం వల్ల ఆఖరి ఓవర్ వేసేవాడికి 16 పరుగుల కుషన్ దొరికింది. నీ బెస్ట్ బౌలర్ ముందు వేసి లెక్కని పెద్దది చేస్తే, ఆ తర్వాత వచ్చే మామూలు బౌలర్ కూడా గొప్పగా కనిపిస్తాడు. రెండోది, నేను పైన 20వ ఓవర్‌లో వికెట్‌కి విలువ లేదన్నాను కదా, మిల్లర్ వికెట్ దానికి మినహాయింపు. ఎందుకంటే అతని తర్వాత కొట్టగలిగే బ్యాటర్ ఎవరూ మిగల్లేదు, ఐదు బంతుల్లో 16 కావాల్సిన చోట రబాడ వచ్చాడు. సగటు లెక్క 1.5 అంటుంది, కానీ వచ్చేవాడెవడు అన్నదాన్ని బట్టి అది 6 కూడా అవుతుంది. అందుకే బౌలర్‌ని ఎంచుకునే ముందు అవతలి టీమ్‌లో ప్యాడ్లు కట్టుకుని ఎవరు కూర్చున్నారో చూడాలి.

అదే టోర్నీలో ఇంకోటి కూడా గమనించు. అర్ష్‌దీప్ 30 ఓవర్లకి 215 ఇచ్చి 17 వికెట్లు తీశాడు, స్ట్రైక్ రేట్ 10.6, ఎకానమీ 7.16. బుమ్రా 29.4 ఓవర్లకి 124 ఇచ్చి 15 వికెట్లు, స్ట్రైక్ రేట్ 11.9, ఎకానమీ 4.17. వికెట్లలోనూ స్ట్రైక్ రేట్‌లోనూ అర్ష్‌దీపే పైన, కానీ ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ బుమ్రాకిచ్చారు, సరిగ్గానే ఇచ్చారు. స్ట్రైక్ రేట్‌లో తేడా ఒక బాల్ పై చిలుకు, ఎకానమీలో తేడా ఓవర్‌కి 3 పరుగులు. నాలుగు ఓవర్లకి 12 పరుగులంటే టీ20లో మ్యాచ్ అటుదిటు అయిపోయే లెక్క. (29.4 అంటే 29 ఓవర్ల 4 బంతులు, 178 బంతులు. నువ్వు ఎక్సెల్‌లో వేసేటప్పుడు 29.4 తో భాగిస్తే తప్పు నంబర్ వస్తుంది, బంతుల్లోకి మార్చుకుని వెయ్యి.)

వికెట్ ఒక్కటీ లేకుండా మ్యాచ్ గెలిపించడానికి ఉదాహరణ కావాలంటే 2016 ఐపీఎల్ ఫైనల్. సన్‌రైజర్స్ 208 కొట్టింది, గేల్, కోహ్లీ మొదటి వికెట్‌కే 114 కొట్టేశారు, అలాంటి మ్యాచ్‌లో భువనేశ్వర్ 4 ఓవర్లకి 25 ఇచ్చాడు, వికెట్లు సున్నా. గెలిచింది 8 పరుగులతో. ఆ రోజు భువి స్ట్రైక్ రేట్ లెక్కే వెయ్యలేం, సున్నాతో భాగించాలి. కానీ బెంగళూరు ఓవర్‌కి 10 చొప్పున కొట్టిన మ్యాచ్‌లో 6.25 తో పోయాడంటే, ఆ నాలుగు ఓవర్లలోనే టీమ్‌కి 15 పరుగులు మిగిల్చాడు.

సరే, మళ్ళీ నీ స్కోర్ బుక్ దగ్గరకొద్దాం. డెత్ ఓవర్ల ఎకానమీ, డెత్ ఓవర్ల స్ట్రైక్ రేట్ తీశాక కూడా ఒక సమస్య మిగులుతుంది, అదే చిన్న లెక్క సమస్య. ఒక బౌలర్ మ్యాచ్‌కి డెత్‌లో రెండు ఓవర్లు వేస్తే గొప్ప, సీజన్ అంతా కలిపినా ఇరవై ముప్పై ఓవర్లు, పదో పన్నెండో వికెట్లు. అందులో రెండు క్యాచ్‌లు వదిలేస్తే స్ట్రైక్ రేట్ ఎటో పోతుంది. అందుకే నేను ఈ రెండిటికంటే ముందు చూసేది ఎన్ని బంతులకి ఒక బౌండరీ ఇస్తున్నాడు అన్నది. చివరి ఓవర్లలో పరుగులు బౌండరీల్లోనే వస్తాయి. ఒక ఫోరూ ఐదు సింగిల్సూ ఇస్తే ఓవర్‌కి 9, అది డెత్‌లో మంచి ఓవర్ కిందే లెక్క. రెండు సిక్సులూ నాలుగు సింగిల్సూ ఇస్తే 16. అంటే ఒక్క బౌండరీ ఎక్కువ పడి, రెండూ గాల్లో వెళ్తే మంచి ఓవర్ కాస్తా ఘోరమైన ఓవర్ అయిపోతుంది. వికెట్ల కంటే బౌండరీలు ఎక్కువ సార్లు వస్తాయి కాబట్టి తక్కువ ఓవర్లలోనే బౌలర్ ఎలాంటివాడో తెలుస్తుంది. డెత్‌లో ఐదు బంతులకి ఒక బౌండరీ ఇచ్చేవాడు పర్లేదు, ఆరేడు బంతులకి ఒకటి ఇచ్చేవాడు దొరికితే వదలకు, నాలుగు బంతులకి ఒకటి అయితే వాడికి మధ్య ఓవర్లే మంచిది. వైడ్లు కూడా రాసుకో, వైడ్ అంటే ఒక పరుగు కాదు, ఆ పరుగుతో పాటు బాల్‌కి ఒకటిన్నర పైన వచ్చే టైమ్‌లో ఇంకో బాల్ ఫ్రీగా ఇస్తున్నావ్, కలిపితే రెండున్నర పైమాటే.

ఇంకో పని, ఆ 24 పరుగుల ఓవర్‌ని బాల్ బై బాల్ చూడు. 6, 4, 6, 1, 6, 1 అని ఉందనుకో. నాలుగు బౌండరీలూ ఏ బంతులకి వచ్చాయో గుర్తుచేసుకో, వీడియో ఉంటే ఇంకా మంచిది. యార్కర్ వెయ్యబోయి ఒకటి ఫుల్ టాస్, ఒకటి హాఫ్ వాలీ, మళ్ళీ ఒకటి ఫుల్ టాస్ పడ్డాయనుకో, అంటే వాడికి యార్కర్ చేతిలో లేదు, ఉందని అనుకుంటున్నాడు, పైగా పడట్లేదని తెలిసినా ప్లాన్ మార్చలేదు. అది మళ్ళీ జరుగుతుంది, రాసిపెట్టుకో. అలా కాకుండా రెండు ఎడ్జ్ తగిలి కీపర్ వెనక నుంచి పోయాయి, ఒకటి ఫీల్డర్ చేతిలో పడి గీత దాటింది అంటే అది బౌలర్ తప్పు కాదు, ఆ ఓవర్ చూసి వాడిని పక్కన పెట్టకు. స్కోర్ కార్డులో రెండూ 24 అనే ఉంటాయి.

యార్కర్ విషయంలో ఒకటి బాగా గుర్తుంచుకోవాలి, అది కరెక్ట్‌గా పడితే దాని కంటే మంచి బాల్ లేదు, కానీ ఒక అడుగు అటో ఇటో అయితే బ్యాటర్‌కి అంతకంటే ఇష్టమైన బాల్ ఉండదు. 2016 టీ20 వరల్డ్ కప్ ఫైనల్ ఆఖరి ఓవర్‌కి వెస్టిండీస్‌కి 19 కావాలి, స్టోక్స్ వేసిన మొదటి నాలుగు బంతుల్నీ బ్రాత్‌వైట్ సిక్సులు కొట్టాడు. దాని ముందు ఓవర్ క్రిస్ జోర్డాన్ 8 పరుగులే ఇచ్చాడు. స్టోక్స్ చెడ్డ బౌలర్ కాదు, కానీ ఆ లెంత్‌లో కొంచెం తప్పితే డెత్‌లో ఏమవుతుందో దానికంటే బాగా ఇంకేదీ చెప్పలేదు. అందుకే చివరి ఓవర్లకి బౌలర్‌ని ఎంచుకునేటప్పుడు వాడి దగ్గర కనీసం రెండు రకాల బంతులు నమ్మకంగా ఉన్నాయా అని చూడు: యార్కర్ ఒకటి, అది పడని రోజు వెయ్యడానికి స్లో బాలో, వికెట్‌కి గట్టిగా కొట్టే బ్యాక్ ఆఫ్ లెంతో ఒకటి. ఒక్క యార్కర్ మీదే బతికేవాడికి అది పడని రోజు ప్లాన్ బీ లేదు, ఒక్క స్లో బాల్ మీదే బతికేవాడిని రెండో ఓవర్‌కి బ్యాటర్లు పట్టేస్తారు.

ఇది ప్రాక్టీస్‌లో తెలుసుకోవచ్చు. సెషన్ మొదట్లో కాదు, చివర్లో, కాళ్ళు అలిసిపోయాక, ఇద్దరి చేతా 12 బంతులు వేయించు. ప్రతి బాల్‌కీ ముందు ఏం వెయ్యబోతున్నాడో చెప్పమను, యార్కర్ ఆఫ్ స్టంప్ మీద, వైడ్ యార్కర్, స్లో బాల్, ఇలా. చెప్పింది చెప్పిన చోట పడిందా లేదా అన్నది మాత్రమే రాసుకో, బ్యాటర్ కొట్టాడా లేదా అన్నది వదిలెయ్యి. మీ మ్యాచులు రాత్రి పూట అయితే బాల్‌ని కాసేపు తడి టవల్‌లో చుట్టి అదే మళ్ళీ వేయించు. మంచు పడినప్పుడు కొంతమందికి స్లో బాల్ చేతిలోంచి జారి బీమర్ అయిపోతుంది, వాళ్ళెవరో మ్యాచ్‌లో తెలుసుకోవడం కంటే ఇక్కడ తెలుసుకోవడం మేలు.

ఓవర్ల క్రమం గురించి కూడా అడుగుతావు కాబట్టి చెప్తున్నా. నా లెక్క నిజమైతే, ఇద్దరికీ రెండేసి ఓవర్లు మిగిలుంటే, నేను రెండోడికి 17, 19 ఇస్తా, మొదటోడికి 18, 20. 17కి సెట్ అయిన బ్యాటర్ ఉంటే వాడి వికెట్‌కి అప్పుడే ఎక్కువ విలువ, అది తీసే ఛాన్స్ రెండోడికే ఎక్కువ. 19వ ఓవర్ బాగా పడితే 20వ ఓవర్ వేసేవాడికి పరుగులు మిగులుతాయి. అయితే ముందు బ్యాటింగ్ చేసే టీమ్‌కి వేస్తున్నావా, ఛేజింగ్ ఆపుతున్నావా అన్నదాన్ని బట్టి మార్చుకో. ఛేజింగ్‌లో 16వ ఓవర్‌కే మ్యాచ్ చేయి జారిపోయేలా ఉంటే 17 దాకా ఆగకు, రెండోడిని అప్పుడే తీసుకురా. అలాగే ఆఖరి ఓవర్‌కి 22 కావాలి అన్నప్పుడు వికెట్ కోసం బౌలర్‌ని వెతకొద్దు, వైడ్లూ నోబాల్సూ వెయ్యనోడు, నువ్వు పెట్టిన ఫీల్డ్‌కి వేసేవాడు చాలు.

ఆ ఫీల్డ్ విషయం ఒక్కటి చెప్పి ఆపేస్తా. చాలా టోర్నీల్లో ఓవర్లు టైమ్‌కి పూర్తి కాకపోతే మిగతా ఓవర్లకి సర్కిల్ బయట ఐదుగురికి బదులు నలుగురే ఉండాలి, ఇంటర్నేషనల్ టీ20ల్లో 2022 జనవరి నుంచి ఇదే రూల్. మీ లీగ్‌లో కూడా ఉంటే 18వ ఓవర్ కల్లా అంపైర్‌ని అడిగి టైమ్ చూసుకో. నలుగురే బయట ఉన్నప్పుడు స్లో బాల్స్‌తో లాంగాన్, డీప్ మిడ్‌వికెట్ వైపు కొట్టించి వికెట్లు తీసే బౌలర్‌కి క్యాచ్ పట్టే మనిషి ఒకడు తగ్గిపోతాడు. అప్పుడు రెండోడి డెత్ స్ట్రైక్ రేట్ 12 అన్నది కూడా నమ్మకు, అది ఐదుగురు బయట ఉన్నప్పుడు వచ్చిన నంబర్. ఒకే వైపుకి యార్కర్లు వేసి అటువైపే నలుగురినీ పెట్టుకోగలిగే బౌలర్ ఎవడైతే వాడికే ఇవ్వు.